ట్యాలీలో 1.47, బ్యాంకులో 1.00: పల్పు యూనిట్ బ్యాలెన్స్ షీట్‌ను అప్పిచ్చేవాడు చదివే తీరు

ప్రశ్న: సార్, మాది చిత్తూరు దగ్గర మామిడి పల్పు యూనిట్, ప్రైవేట్ లిమిటెడ్. 2024–25లో 12 కోట్ల అమ్మకాలు, 33 లక్షల లాభం. బ్యాంకు వాళ్ళను సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ లిమిట్, 3 కోట్ల నుంచి 5 కోట్లకు పెంచమంటే, కరెంట్ రేషియో 1.00 మాత్రమే ఉంది, కుదరదన్నారు. నేను ట్యాలీలో చూస్తే 1.47 వస్తోంది. లాభం వస్తున్న కంపెనీకి ఎందుకివ్వరు? తప్పు ఎవరి లెక్కలో ఉంది? బ్యాలెన్స్ షీట్, రావాల్సిన బాకీల జాబితా జత చేశాను.

జవాబు:

రెండు లెక్కలూ కరెక్టే. మీరు ట్యాలీ గ్రూపులను నమ్మారు, వాళ్ళు నమ్మలేదు, అంతే. నేను పాతికేళ్ళు బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేసి, ఇప్పుడు తిరుపతిలో ఇదే పని టేబుల్‌కు ఇవతలి వైపు కూర్చుని చేస్తున్నాను. మీ కాగితాలు ఆ టేబుల్ మీదకు వచ్చి ఉంటే నేనూ 1.00 అనే రాసేవాణ్ణి.

ముందు మీ షీట్ ఒకసారి ఇక్కడ పెడతాను. అంకెలన్నీ లక్షల్లో. అప్పుల వైపు: మూలధనం 100, రిజర్వులు 90, మీ కుటుంబ సభ్యులు పెట్టిన అన్‌సెక్యూర్డ్ లోన్ 80, టర్మ్ లోన్ 160, సీసీ 300, సరుకు తాలూకు ఇవ్వాల్సిన బాకీలు 130, పన్నులూ జీతాలూ వగైరా 20. ఆస్తుల వైపు: ఫ్యాక్టరీ, మిషన్లు 220, స్టాకు 290, రావాల్సిన బాకీలు 290, మీ అన్నగారి ట్రాన్స్‌పోర్టు సంస్థకిచ్చిన అడ్వాన్సు 45, డిపాజిట్లు, ఇతర అడ్వాన్సులు 25, చేతిలో, బ్యాంకులో కలిపి 10. రెండు వైపులా 880.

మీరు స్టాకు నుంచి నగదు దాకా అన్నీ కలిపి 660 అన్నారు. దాన్ని సీసీ, బాకీలు, పన్నులు కలిపిన 450తో భాగించారు. 1.47 వచ్చింది, కరెంట్ రేషియో అంటే ఇదే. ఇప్పుడు బ్యాంకు ఆఫీసరు పెన్సిలు తీస్తాడు. అతను చూసేది ఒక్కటే. మార్చి 31 నుంచి పన్నెండు నెలల్లో నిజంగా చేతికొచ్చే డబ్బు ఎంత, అదే పన్నెండు నెలల్లో కట్టక తప్పనిది ఎంత? గ్రూపు పేరు ఏమిటన్నది అతనికి పట్టదు.

మొదటి గీత టర్మ్ లోన్ మీద పడుతుంది. ట్యాలీలో 160 మొత్తం సెక్యూర్డ్ లోన్స్ కింద కూర్చుని ఉంది. కానీ మీ వాయిదా నెలకు 4 లక్షలు. వచ్చే ఏడాదిలో కట్టాల్సిన 48 ఈ ఏడాది బాధ్యతే. మీ ఆడిటర్ తయారుచేసే షీట్‌లో ఇది ఎలాగూ స్వల్పకాలిక అప్పుల్లోకి వస్తుంది, కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 3 అలా చూపించమనే చెబుతోంది. దాంతో 450 కాస్తా 498 అయింది. ఈ ఒక్క మార్పుకే 1.47 నుంచి 1.33కి దిగారు.

రెండో గీత రావాల్సిన బాకీల మీద. మీరు జత చేసిన జాబితాలో 90 రోజుల్లోపువి 150, మూడు నుంచి ఆరు నెలల మధ్యవి 70, ఆరు నెలలు దాటినవి 70. ఆ చివరి 70ని చాలా బ్యాంకులు కరెంట్ ఆస్తిగా ఒప్పుకోవు. రాదని కాదు, ఎప్పుడొస్తుందో చెప్పలేమని. రేషియో 1.18 అయింది.

మూడోది మీ అన్నగారి సంస్థకిచ్చిన 45. దీని గురించి ఎవరూ మీతో గట్టిగా అనరు, కానీ ఫైలులో ఎర్ర సిరా మొదట పడేది ఇక్కడే. సీసీ అనేది కాయ కొనడానికి ఇచ్చిన డబ్బు. అది లారీల టైర్లలోకి వెళ్ళిందని అర్థం వస్తుంది. దీన్ని కరెంట్ ఆస్తుల్లోంచి తీసేయడమే కాదు, మీ సొంత పెట్టుబడిలోంచి కూడా తగ్గిస్తారు. రేషియో 1.09కి వచ్చింది. ఆ తర్వాత డిపాజిట్లలో కరెంటు ఆఫీసులో ఉన్న 15 ఉంది. కనెక్షన్ ఉన్నంత కాలం అది వెనక్కి రాదు కాబట్టి అదీ పోయింది. 1.06.

ఇక చివరిది స్టాకు. స్టాక్ ఆడిట్ అంటే ఏం చేస్తారో చూడని వాళ్ళ కోసం కొంచెం చెబుతాను. వచ్చినాయన ముందు వరస డ్రమ్ములు లెక్కపెట్టడు. వాటి వెనక్కి వెళ్ళి, గోడకు ఆనించి ఉన్న వరస దగ్గర సెల్‌ఫోన్ లైటు వేసి, మూత మీద దుమ్ము చేత్తో తుడిచి బ్యాచ్ నంబరు చదువుతాడు. తయారీ తేదీ దానికిందే ఉంటుంది. మీ స్టాక్ జాబితాలో 2023 సీజన్ తోతాపురి పల్పు 30 లక్షల మేర ఉందని మీరే రాశారు. కిలో 60 రూపాయల లెక్కన చూస్తే 50 టన్నులు, 215 కిలోల డ్రమ్ములు సుమారు 230. 2023 జూలైలో నింపిన డ్రమ్ముకు 2025 మార్చికి 20 నెలలు నిండాయి. క్రిములు లేకుండా సీలు చేసిన అసెప్టిక్ పల్పుకు మామూలుగా రాసుకునే గడువు 18 నెలలు. జ్యూస్ కంపెనీ వాళ్ళు ఇంకా ఆరేడు నెలల గడువు మిగిలి ఉంటే గానీ ముట్టుకోరు. కాబట్టి ఆ 30 కూడా గీత కిందికి పోయింది.

660లోంచి 70, 45, 15, 30 పోతే మిగిలింది 500. కట్టాల్సింది 498. రేషియో 1.00. సొంత డబ్బుగా వర్కింగ్ క్యాపిటల్‌లో మీరు పెట్టింది రెండు లక్షలు. పన్నెండు కోట్ల వ్యాపారం మొత్తం బ్యాంకు డబ్బు మీదా, కాయ, ప్యాకింగ్ ఇచ్చినవాళ్ళ ఓపిక మీదా నడుస్తోందన్న మాట.

బ్యాంకు ఎంత కోరుతుంది? ఎక్కువగా వినబడే అంకె 1.33. దీని వెనక పెద్ద రహస్యమేమీ లేదు. 1975లో టాండన్ కమిటీ చెప్పిన రెండో పద్ధతి ప్రకారం కరెంట్ ఆస్తుల్లో పాతిక శాతం వ్యాపారి దీర్ఘకాలిక డబ్బుతో పెట్టుకోవాలి. నూరు రూపాయల స్టాకు, బాకీలకు 75 రూపాయలే స్వల్పకాలిక అప్పు ఉండాలంటే నూరును 75తో భాగించండి, 1.33 వస్తుంది. చిన్న యూనిట్లకు నాయక్ కమిటీ తెచ్చిన పద్ధతి ఇంకాస్త సులువు. అంచనా అమ్మకాల్లో కనీసం 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం మీరు పెట్టుకోవాలి. అంటే 25ను 20తో భాగిస్తే 1.25. మీ 12 కోట్లకు ఈ లెక్కన వచ్చేది 240 లక్షలు. మీ దగ్గర ఇప్పటికే 300 ఉంది. పల్పులో పెట్టిన డబ్బు తిరిగి చేతికొచ్చే చక్రం పొడుగు కాబట్టి 20 శాతం కంటే ఎక్కువ అడగడం న్యాయమే. కానీ 5 కోట్లు అడిగేటప్పుడు అది ఎందుకో మీరే చూపించాలి.

ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. మార్చి 31కి ముందు రోజుల్లో రేషియోను అందంగా చూపించే చిట్కా ఒకటి అందరికీ తెలుసు. రెండు రోజుల కోసం చేబదులు తెచ్చి కాదు, చట్టబద్ధమైనదే. బాకీలు వసూలు చేసి అదే డబ్బుతో అప్పులు తీర్చేయడం. మీ 660కీ 450కీ రెండింట్లోంచీ 100 తీసేయండి, 560ని 350తో భాగిస్తే 1.60. కంపెనీలో ఒక్క రూపాయి కొత్తగా రాలేదు, రేషియో మాత్రం పెరిగింది. నేను ఆఫీసరుగా కొత్తల్లో ఇలాంటి 1.60 చూసి ముచ్చటపడి తిరుపతిలో ఒక హోల్‌సేల్ వ్యాపారికి లిమిట్ సిఫారసు చేశాను. ఏప్రిల్ మొదటి వారంలోనే ఖాతా మళ్ళీ అంచుకు చేరింది. అప్పటి నుంచి మార్చి 31 షీట్ పక్కన ఏప్రిల్ స్టేట్‌మెంట్ పెట్టుకోనిదే చదవలేదు. ఇప్పుడు అదే చిట్కా సరిచేసిన మీ అంకెల మీద వేసి చూడండి. 500లోంచి 100, 498లోంచి 100 తీస్తే 400, 398. అదే 1.00. ఒకటి దగ్గర ఉన్నవాడికి ఈ మందు పనిచేయదు.

మీ పరిశ్రమకు ఇంకో తిరకాసు ఉంది. మీరు కాయ ఆడేది జూన్, జూలైలలో, మహా అయితే ఆగస్టు మొదటి వారం దాకా. అమ్మేది ఏడాది పొడుగునా. కాబట్టి మార్చి 31 నాటికి గోడౌన్ దాదాపు ఖాళీగా, అప్పులు కూడా దిగి ఉండాలి. మీకు ఏడాదిలో అన్నిటికంటే అందమైన రోజు అదే. ఆ రోజునే సీసీ నిండా 300 వాడి, సరుకు బాకీలు 130 ఉన్నాయంటే చదివేవాడికి ఒక సందేహం వస్తుంది. పోయిన జూలైలో కాయ కొనే ర్యాంపుల దగ్గర తీసుకున్న సరుకుకు ఇంకా డబ్బులివ్వలేదా అని. కాయ తోలిన రైతు తొమ్మిది నెలలు ఆగాడంటే అది వ్యాపారంలో ఉన్న అరువు కాదు, మీకు వచ్చిన కటకట. మన జిల్లాలో ఫ్యాక్టరీల మీద రైతులకున్న కోపం సగం దీని గురించే. ఆ 130లో డ్రమ్ములు, బ్యాగుల వాళ్ళది ఎంత, రైతులది ఎంత అని విడగొట్టి చూపించలేకపోతే చెడ్డవైపే ఊహించుకుంటారు.

ఇప్పుడు లాభం సంగతి. మీ అసలు ప్రశ్న ఇదే కదా. లాభం వచ్చింది, మరి డబ్బేదీ?

లాభం 33, దానికి తరుగుదల 30 కలిపితే చేతికి వచ్చినది 63. టర్మ్ లోన్ వాయిదాలకు 48 పోయింది. మిగిలింది 15. అదే ఏడాది రావాల్సిన బాకీలు 190 నుంచి 290కి పెరిగాయి. అంటే నూరు లక్షలు కొన్నవాళ్ళ దగ్గర కొత్తగా ఇరుక్కుంది. 15 పోగా తగ్గిన 85 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మీ షీటే చెబుతోంది. సరుకు బాకీలు 70 నుంచి 130కి పెరిగాయి, అది 60. సీసీ 275 నుంచి 300కి పెరిగింది, అది 25. మీరు రైతు దగ్గర, బ్యాంకు దగ్గర తెచ్చి జ్యూస్ కంపెనీలకు అప్పిచ్చారు. లాభం ఉంది, అది మీ దగ్గర లేదు.

అమ్మకాలతో పోలిస్తే బాకీలు ఎన్ని రోజులవి అని లెక్కేస్తే 88 రోజులు వస్తుంది. పోయినేడాది 1150 అమ్మకాలకు 60 రోజులు. 88 అన్నది ఈ వ్యాపారంలో భయపడే అంకె కాదు. అందుకే సరాసరి మీద ఆధారపడకూడదంటాను. 290లో సగం చక్కగా మూడు నెలల్లోపు వస్తోంది, నాలుగో వంతు ఆరు నెలలకు పైగా కూరుకుపోయింది. ఆ రెండూ కలిసి 88 అనే అమాయకమైన అంకె అయ్యాయి.

మరి ఆ 33 అయినా గట్టిదేనా? ఇందులో 10 లక్షలు పాత బాయిలర్ అమ్మిన లాభం. వచ్చే ఏడాది అమ్మడానికి ఇంకో బాయిలర్ లేదు. పన్నుకు ముందు లాభం 44లోంచి అది తీస్తే 34, పాతిక శాతం పన్ను పోను 25.5. ఇది వ్యాపారం ఇచ్చిన లాభం. అమ్మకాల్లో రెండు శాతం చిల్లర. ఇక గోడ పక్కనున్న ఆ 230 డ్రమ్ములు గుర్తున్నాయా? స్టాకును కొన్న ఖర్చుకు గానీ, ఇప్పుడు అమ్ముడయ్యే ధరకు గానీ, ఏది తక్కువైతే దానికి రాయాలన్నది అకౌంటింగ్ నియమం. ఆ 30 లక్షల సరుకు అమ్ముడుపోనిదని ఆడిటర్ రాసేస్తే 34 కాస్తా 4 అవుతుంది. మీ ఏడాది లాభం దాదాపు మొత్తం ఆ డ్రమ్ముల్లో ఉంది.

ఇది పాత సరుకుతో ఆగేది కాదు. 2025 సీజన్‌లో తోతాపురి ధర ఎంత పడిపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 ఇచ్చే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అంతకు ముందటి సీజన్‌లో ఎంతో ప్రియంగా కొన్న కాయతో చేసిన పల్పు మార్చి 31న మీ గోడౌన్‌లో ఉంది. కిలో పల్పుకు సుమారు రెండు కిలోల కాయ పడుతుంది. కాబట్టి కాయలో కిలోకు పది రూపాయల తేడా పల్పులో ఇరవై అవుతుంది. కొత్త పల్పు చవకగా దొరుకుతుంటే పాతది పాత ధరకు ఎవరు కొంటారు? మిగిలిన 260 విలువ మీద బ్యాంకు వాళ్ళు ఈ ప్రశ్న అడుగుతారు. ఏప్రిల్ తర్వాత ఆ సరుకు ఏ ధరకు అమ్మారో ఇన్వాయిసులు పట్టుకెళ్ళండి. వాటిని మించిన జవాబు లేదు.

లాభాన్ని అప్పిచ్చేవాడు మనలా అమ్మకాల శాతంగా చూడడు. వ్యాపారంలో పెట్టిన ప్రతి రూపాయి వడ్డీ కంటే ఎక్కువ సంపాదిస్తోందా అని చూస్తాడు. బాయిలర్ లాభం వదిలేస్తే వడ్డీకి, పన్నుకు ముందు మీ సంపాదన 90. వ్యాపారంలో ఉన్న డబ్బు: సొంతం 190, కుటుంబానిది 80, టర్మ్ లోన్ 160, సీసీ 300, మొత్తం 730. నూటికి 12.3 రూపాయలు. మీ సీసీ వడ్డీ సుమారు 11. రూపాయి పావలా తేడా. ఇంకో రెండు కోట్లు అప్పిస్తే ఆ రెండు కోట్లూ ఇదే పద్ధతిలో బాకీల్లోకి, పాత డ్రమ్ముల్లోకి వెళితే మీకు మిగిలేది ఏమీ ఉండదని అతనికి కనబడుతోంది. లిమిట్ పెంచకపోవడానికి కరెంట్ రేషియో బయటికి చెప్పిన కారణం. నా అనుమానం ఈ రూపాయి పావలానే లోపలి కారణం.

తర్వాతది వాయిదా కట్టే శక్తి, డీఎస్‌సీఆర్ అంటారు. లాభం, తరుగుదల, టర్మ్ లోన్ వడ్డీ కలిపి, దాన్ని ఆ ఏడాది కట్టాల్సిన వాయిదాలు, ఆ వడ్డీతో భాగిస్తారు. మీది 33, 30, 20 కలిపితే 83. కట్టాల్సింది 48, 20 కలిపి 68. 1.22 వచ్చింది. బాయిలర్ తీసేస్తే 75.5ను 68తో భాగించాలి, 1.11. సరాసరిన 1.5, ఏ ఒక్క ఏడాదీ 1.2 తగ్గకుండా ఉండాలని చాలా బ్యాంకులు చూస్తాయి. 1.11 అంటే వాయిదా కడుతున్నారు గానీ ఒక లారీ సరుకు వెనక్కొస్తే ఒక నెల తప్పుతుంది.

ఇందులో కూడా బాకీల సంగతే తిరిగి వస్తుంది. అదనంగా ఇరుక్కున్న నూరు లక్షలను సీసీ వడ్డీ లెక్కన చూస్తే ఏడాదికి 11 లక్షలు. అమ్మకాల్లో ఒక శాతం 12 లక్షలు. అంటే కొనేవాళ్ళకు మునుపటిలా 60 రోజులే అరువిచ్చి, అందుకోసం ధరలో అర శాతం తగ్గించినా మీకే లాభం. ఆ ఒక శాతం మార్జిన్ పెరిగితే పన్ను పోను 9 లక్షలు, డీఎస్‌సీఆర్ 1.24 అవుతుంది.

ఇక అప్పుకూ సొంత డబ్బుకూ ఉన్న పొంతన. ఇక్కడ ఒక్క సంతకంతో చాలా మారుతుంది, ఎందుకో ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. బయటి అప్పులన్నీ 690. సొంత డబ్బు 190లోంచి అన్నగారి 45 తీస్తే 145. 690ని 145తో భాగిస్తే 4.76. మూడు దాటితేనే ముఖం చిట్లించే చోట ఇది. కానీ అప్పుల్లో 80 మీ కుటుంబానిదే. బ్యాంకు అప్పు తీరేదాకా ఈ డబ్బు వెనక్కి తీసుకోం, మా హక్కు బ్యాంకు హక్కు తర్వాతే అని ఆ 80 ఇచ్చినవాళ్ళు బ్యాంకు నమూనాలో రాసి సంతకం పెడితే, చాలా బ్యాంకులు దాన్ని సొంత డబ్బుతో సమానంగా చూస్తాయి. అప్పుడు 610ని 225తో భాగించాలి. 2.71. ఒక్క రూపాయి తేలేదు. అయితే సంతకం పెట్టాక మధ్యలో పెళ్ళి ఖర్చనో, ఇంటి పనులనో అందులోంచి తీశారంటే ఆ తర్వాత మీ మాట ఏదీ నిలబడదు.

ఇంతవరకూ రేషియోలు. వాటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు అడగని విషయం, డ్రాయింగ్ పవర్. లిమిట్ 300 అంటే 300 వాడుకోవచ్చని కాదు. స్టాకు, బాకీల మీద మార్జిన్, అంటే మీరు సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా, పోగా ఎంత వస్తే అంతే. శాతాలు మీ మంజూరు పత్రంలో ఉంటాయి. నేను స్టాకు మీద 25, బాకీల మీద 40 మార్జిన్ అనుకుంటున్నాను. చెల్లే స్టాకు 260లోంచి ఇవ్వాల్సిన బాకీలు 130 తీసేయాలి, ఎందుకంటే డబ్బివ్వని సరుకు మీద బ్యాంకు అప్పివ్వదు. మిగిలిన 130లో మూడు వంతులు 97.5. బాకీల్లో 90 రోజుల్లోపువి 150, వాటిలో 60 శాతం 90. మొత్తం 187.5. మీరు వాడింది 300.

ఎలా వాడగలిగారో ఊహించగలను. మీ నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఇవ్వాల్సిన బాకీల గడి ఖాళీగా వెళుతోంది, ఆరు నెలల్లోపు బాకీలన్నీ కలిపేస్తున్నారు. అలా లెక్కేస్తే స్టాకు 290 మీద 217.5, బాకీలు 220 మీద 132, దాదాపు 350 వస్తుంది, 300 హాయిగా సరిపోతుంది. ఆ గడి ఇకపై నింపండి. ఇప్పుడు ఆడిటైన బ్యాలెన్స్ షీట్ నోట్సులోనే, బ్యాంకుకు మూడు నెలలకోసారి ఇచ్చిన లెక్కలు పుస్తకాలతో కలుస్తున్నాయా లేదా, కలవకపోతే తేడా ఎంత అని రాయాలి. 2021–22 నుంచి రేషియోల పట్టిక కూడా తప్పనిసరి, 25 శాతానికి మించి మారితే కారణం రాయాలి. మీరు చెప్పకపోయినా మీ షీటే చెబుతుంది. పైగా వాడకం డ్రాయింగ్ పవర్ దాటి 90 రోజులు ఆగకుండా నిలిస్తే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, కింద పడుతుంది. అప్పుడు 5 కోట్ల మాట దేవుడెరుగు, ఉన్న 3 కోట్లే ప్రశ్న అవుతుంది.

కాబట్టి నేనైతే ఈ వరసలో వెళతాను. అన్నగారి 45 వెనక్కి తెప్పించండి. ఆరు నెలలు దాటిన 70లో 40 అయినా వసూలు చేయండి. ఆ 85తో సరుకు బాకీలు తీర్చండి, ముందు రైతులవి. అప్పుడు కరెంట్ ఆస్తులు 500 అలాగే ఉంటాయి, కట్టాల్సింది 413 అవుతుంది, 1.21. తర్వాత కొత్త మూలధనం 40 తెచ్చి సీసీలో వేయండి. 500ను 373తో భాగిస్తే 1.34. కుటుంబం 80కి ఉత్తరం ఇస్తే అప్పు, సొంత డబ్బు పొంతన 485కు 310, అంటే 1.56. డ్రాయింగ్ పవర్ 251కి లేస్తుంది. సీసీ 260 దగ్గరుంటుంది కాబట్టి ఇంకా కొంచెం తక్కువే, కానీ అక్కడి నుంచి మాట్లాడవచ్చు. డీఎస్‌సీఆర్ ఒక్కటి మాత్రం వీటితో పెద్దగా కదలదు. సీసీ తగ్గినందుకు వడ్డీ నాలుగు లక్షలు మిగిలి 1.16 దాకా వస్తుంది. మిగతాది లాభం మార్జిన్ నుంచే రావాలి.

అప్పుడు కూడా 5 కోట్లు ఏడాది పొడుగునా అడగకండి. మార్చిలో మీ సరుకుకు 251 కంటే డ్రాయింగ్ పవర్ రాదు, మిగతాది మీరు తీసుకోలేని డబ్బు. దానికి ప్రాసెసింగ్ ఫీజు ఎందుకు కట్టాలి? 300 అలాగే ఉంచి, జూలై నుంచి డిసెంబరు దాకా మాత్రం సీజన్ లిమిట్ ఒక కోటి విడిగా అడగండి. దానికి నెలవారీ అంచనా కావాలి. జూన్‌లో ఎన్ని టన్నుల కాయ, ఆగస్టు చివర ఎన్ని డ్రమ్ములు, నెలకు ఎన్ని అమ్ముడై డిసెంబరుకు కోటి ఎలా తీరుతుంది అని. గత రెండేళ్ళ నెలవారీ అమ్మకాలు జీఎస్‌టీ రిటర్నులతో సరిపోవాలి. వాళ్ళు ముందు జీఎస్‌టీ రిటర్ను 3బీలోని అమ్మకాలు, తర్వాత ఖాతాలో జమలు, ఆ తర్వాతే మీ అంచనా చూస్తారు.

ఒకటి అడగాలి. మీ జాబితాలో ఆరు నెలలు దాటిన 70లో 52 ఇద్దరు కొనుగోలుదారులవే. అందులో ఎవరికైనా 2025 సీజన్ సరుకు కూడా పంపారా? పంపి ఉంటే దానికి డబ్బు వచ్చిందా, పాత బిల్లులకే జమ చేసుకున్నారా? నాణ్యత తగాదా ఏదైనా నడుస్తోందా? ఈ మూడూ రాయండి. పైన 40 వసూలవుతుందని నేను వేసుకున్న లెక్క నిలుస్తుందో లేదో దాన్ని బట్టే చెప్పగలను.